నువ్వులు పడనివాళ్లకు రిఫైన్డ్ నువ్వుల నూనె పడుతుందా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. రెండూ చదువుకున్నవాళ్లు చెప్పేవే. అలర్జీ తెచ్చేది నువ్వులోని ప్రోటీన్ తప్ప నూనె కాదు, రిఫైన్ చేస్తే ప్రోటీన్ పోతుంది, కాబట్టి రిఫైన్డ్ నువ్వుల నూనె నిశ్చింతగా వాడుకోవచ్చు అన్నది మొదటి జవాబు. నువ్వులు పడనివాళ్లు నువ్వుల నూనెను ఏ రూపంలోనూ ముట్టకూడదన్నది రెండోది. అమెరికా చట్టం మొదటి మాట వైపు, యూరప్ చట్టం రెండో మాట వైపు మొగ్గాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటిళ్ల మధ్య నిలబడి చూస్తే ఏది ఎంతవరకు నిలుస్తుందో తేల్చడమే ఈ వ్యాసం పని.

ఈ ప్రాంతం పేరు ఊరికే తీసుకోలేదు. ఇక్కడి తిండిలో నువ్వు లేని చోటు వెతకాలి. సంక్రాంతి సకినాల్లో నువ్వులు, సర్వపిండిలో నువ్వులు, పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, బగారా బైంగన్ గుజ్జులో నువ్వులు. పైగా చాలా ఇళ్లలో మామిడికాయ తొక్కు నువ్వుల నూనెలోనే ఊరుతుంది. లండన్‌లోనో టొరంటోలోనో నువ్వులు పడని మనిషి బన్ను మీద చల్లిన గింజలను గమనించుకుంటే చాలావరకు సరిపోతుంది. ఇక్కడ అదే మనిషి పండక్కి ఇంటికొస్తే ప్రతి గిన్నె మూత తీసి అడగాలి.

ముందు నూనెలను పోల్చి చూద్దాం. నువ్వు గింజ బరువులో సగం దాకా నూనె, ఐదో వంతు దాకా ప్రోటీన్ ఉంటాయి. గానుగలో గింజను నలిపి పిండినప్పుడు నూనె ఒక్కటే బయటకు రాదు. గింజలోని నూనె చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు చుట్టూ ఓలియోసిన్ అనే ప్రోటీన్ పొర ఉంటుంది. నలిగినప్పుడు ఆ పొరల తునకలు, గింజలోని మిగతా ప్రోటీన్ల నలుసులు నూనెతో కలిసి దిగుతాయి. గానుగ నూనెను రెండు మూడు రోజులు కదపకుండా పెట్టి పైతేట తీసుకుంటారు. అడుగున గోధుమరంగులో చిక్కగా మిగిలే మడ్డిని వేలితో తీసి చూస్తే జిగటగా, గింజ వాసనతో ఉంటుంది. ఆ మడ్డిలో ఉన్నది గింజే. పైతేటలో కూడా కంటికి కనపడనంత సన్నగా అదే ఉంటుంది. గానుగ నూనెకు ఆ కమ్మదనం రావడానికి కారణం దాన్నుంచి ఏదీ తీసేయకపోవడం. నువ్వులు పడనివాళ్లకు అది కీడు చేయడానికీ అదే కారణం.

రిఫైనరీలో జరిగేది వేరు. మొదట ముడి నూనెలో వేడినీళ్లు గానీ కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ కలిపి జిగురును ఉబ్బించి, వేగంగా తిరిగే యంత్రంలో వేరుచేస్తారు. ప్రోటీన్‌లో పెద్ద వాటా ఈ జిగురుతోనే వెళ్లిపోతుంది. తర్వాత కాస్టిక్ సోడాతో పులుపును విరిచి, పుట్టిన సబ్బును తీసి, నీళ్లతో కడుగుతారు. ఆ తర్వాత రంగు తీసే మట్టితో కలిపి వేడిచేస్తారు. ఆ మట్టి రంగుతో పాటు మిగిలిన ప్రోటీన్ నలుసులనూ పట్టుకుంటుంది. చివర 220 నుంచి 250 డిగ్రీల వేడిలో, గాలి దాదాపు లేకుండా చేసిన గదిలో ఆవిరి పంపి వాసన లాగేస్తారు. ఈ నాలుగు మెట్లూ దాటిన నూనెకు రంగు, రుచి, వాసన మూడూ పలచబడతాయి.

ఈ తేడాను అంకెల్లో చూస్తే మొదటి జవాబు ఎందుకు అంత నమ్మకంగా వినిపిస్తుందో తెలుస్తుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు ముడి నూనెల్లో లీటరుకు 100 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుందని, పూర్తిగా రిఫైన్ చేస్తే అది దాదాపు 100 రెట్లు తగ్గుతుందని ఈ రంగంలోని సమీక్షలు చెబుతాయి. నువ్వుల నూనె కూడా అలాగే నడుస్తుందని కాసేపు ఒప్పుకుందాం. ముడి నూనెలో లీటరుకు 200 మిల్లీగ్రాములు, రిఫైన్డ్‌లో 2 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక మనిషి రోజంతా తినే నూనె 30 మిల్లీలీటర్లు అనుకుంటే, గానుగ నూనెతో 6 మిల్లీగ్రాముల నువ్వుల ప్రోటీన్ లోపలికి పోతుంది. రిఫైన్డ్‌తో పోయేది 0.06 మిల్లీగ్రాములే.

వీటిని గింజల్లోకి మారుద్దాం. వెయ్యి నువ్వు గింజలు సుమారు 3 గ్రాములు తూగుతాయి కాబట్టి ఒక్కో గింజలో 0.6 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే రోజంతా గానుగ నూనె తిన్నవాళ్లు పది గింజలు తిన్నట్టు, రిఫైన్డ్ తిన్నవాళ్లు ఒక గింజలో పదో వంతు తిన్నట్టు. ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పిలిచిన నిపుణుల సంఘం నువ్వుల ప్రోటీన్‌కు 2 మిల్లీగ్రాములను ప్రమాణ మోతాదుగా పెట్టింది. అది మూడు నాలుగు గింజలకు సమానం. ఆ మోతాదులో నువ్వుల అలర్జీ ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి ఏమీ కాదని అంచనా. మిగతా ఐదుగురి సంగతి ఆ అంకె చెప్పదు. మన ఇంటి మనిషి ఆ ఐదుగురిలో ఉన్నాడో లేడో కూడా చెప్పదు.

లెక్క ఇక్కడిదాకా బాగానే ఉంది. గానుగ నూనె గీతకు పైన, రిఫైన్డ్ నూనె చాలా కింద. అయితే ఈ లెక్క నువ్వుల నూనె మీద కొలిచింది కాదు, వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెల నుంచి అరువు తెచ్చుకున్నది. 2003లో ఫ్రాన్స్ వైద్యులు అచ్చువేసిన పరిశీలనలో నువ్వులు పడని కొందరికి 1 నుంచి 5 మిల్లీలీటర్ల నువ్వుల నూనెతోనే అలర్జీ బయటపడింది. మన లెక్క ప్రకారం 1 మిల్లీలీటరు ముడి నూనెలో 0.2 మిల్లీగ్రాములే ఉండాలి, అది గింజలో మూడో వంతు. ఆ మనుషులు అంత సున్నితమైనవాళ్లయినా అయి ఉండాలి, నువ్వుల నూనెలో మనం అనుకున్న దానికంటే ప్రోటీన్ ఎక్కువైనా ఉండాలి. రెండింటిలో ఏది నిజమైనా, అరువు అంకెలను నమ్ముకుని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

మొదటి జవాబు నిలబడింది ముఖ్యంగా వేరుశనగ మీద. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్షను ప్రచురించారు. పల్లీలు పడని 60 మందికి, ఏది ఇస్తున్నామో ఇచ్చేవాళ్లకూ తాగేవాళ్లకూ తెలియకుండా, ఒకసారి ముడి పల్లినూనె, ఒకసారి రిఫైన్డ్ పల్లినూనె పెంచుకుంటూ ఇచ్చారు. ముడి నూనెకు ఆరుగురికి అలర్జీ వచ్చింది. రిఫైన్డ్‌కు ఒక్కరికీ రాలేదు. రిఫైన్డ్ నూనెలు సురక్షితమన్న వాదన వెనుక ఉన్న గట్టి ఆధారాల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. పరీక్ష చక్కగా చేశారు, అందులో వంకపెట్టడానికేమీ లేదు. కానీ 60 మందిలో ఒక్కరికీ రాలేదంటే ఎవరికీ రాదని అర్థం కాదు. గణితం ప్రకారం, నూటికి ఐదుగురి దాకా స్పందించేవాళ్లు ఉన్నా కూడా, 60 మందిని పరీక్షిస్తే వాళ్లలో ఒక్కరూ తగలకపోయే వీలుంది. పెద్ద సమూహానికి ఇది ధైర్యమిచ్చే ఫలితం. ఒక మనిషికి ఇచ్చే హామీ మాత్రం కాదు.

ఈ పరీక్షను తెచ్చి నువ్వుల మీద పరిచే ముందు మరో సంగతి గమనించాలి. నువ్వుల నూనెను వద్దనేవాళ్లు సాధారణంగా ఓలియోసిన్‌ను ముందుకు తెస్తారు. 2006లో ఫ్రెంచ్ పరిశోధకులే నువ్వుల ఓలియోసిన్లను ముఖ్యమైన అలర్జీ కారకాలుగా గుర్తించారు. అవి నూనెను అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లు, కాబట్టి నూనెలో మిగిలిపోతాయన్నది వాదన. నాకు ఈ ఒక్క వాదన చాలదనిపిస్తుంది. పల్లీలోనూ ఓలియోసిన్లు ఉన్నాయి, వాటికీ అలర్జీ వస్తుంది, అయినా రిఫైన్డ్ పల్లినూనె ఆ 60 మందికి ఏమీ చేయలేదు. జిగురు తీసే మెట్టులో ఓలియోసిన్లు కూడా పోతాయనుకోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది.

పల్లినూనెకూ నువ్వుల నూనెకూ అసలు తేడా గింజలో కంటే బజారులో ఉంది. పల్లినూనెకు వాసన లేకపోయినా అమ్ముడుపోతుంది, కాబట్టి దాన్ని నాలుగు మెట్లూ దాటించినా నష్టం లేదు. నువ్వుల నూనెను జనం కొనేదే ఆ వాసన కోసం, ఆ కమ్మదనం కోసం. అందుకే బజారులో దొరికే నువ్వుల నూనెలో ఎక్కువ భాగం పిండి వడపోసినదే తప్ప రిఫైన్ చేసినది కాదు. రిఫైన్ చేసినా, రుచి పూర్తిగా చచ్చిపోకుండా కొన్ని మెట్లను పైపైన చేసి ఆపే వీలుంది. వేరుశనగకు దొరికిన ధ్రువపత్రాన్ని నువ్వుకు అంటించడం అందుకే సరికాదు. రిఫైన్డ్ నువ్వుల నూనెకు సౌతాంప్టన్ పరీక్ష లాంటి ఆసరా లేదు. మొదటి జవాబులోని సూత్రం నిజమే. ఆ సూత్రం మన చేతిలోని సీసాకు వర్తిస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్న కామారెడ్డి బజారులో ఎలా తేలుతుందో చూడండి.

"అన్నా, గీ నువ్వుల నూనె రిఫైన్డేనా? మా పిల్లకు నువ్వులు పడవు."

"అవునక్కా, డబల్ ఫిల్టర్. ఏం గాదు, తీస్కపో."

దుకాణం అన్న అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసింది చెప్పాడు. ఫిల్టర్ అంటే వడపోత. గుడ్డలోంచో కాగితం పలకల్లోంచో నూనెను పంపితే మడ్డి పోతుంది, నూనె తేటగా మెరుస్తుంది. నూనెలో కలిసిపోయిన ప్రోటీన్‌లో చాలా భాగం వడపోతకు చిక్కదు. వడపోత, రిఫైనింగ్ ఒకటి కావు. ఒకసారి వడపోసినా రెండుసార్లు వడపోసినా నువ్వులు పడనివాళ్ల లెక్కలో అది గానుగ నూనె కిందికే వస్తుంది. కొంచెం ముందు చెప్పుకున్న గుర్తు ఇక్కడ పనికొస్తుంది. మూత తీయగానే నువ్వుల వాసన గుప్పున వస్తే, రంగు ముదురు పసుపులోనో గోధుమలోనో ఉంటే, సీసా మీద ఏమి రాసి ఉన్నా అది పూర్తిగా రిఫైన్ చేసిన నూనె కాదు. దీన్ని తిరగేసి చదవకండి. వాసన లేదు కాబట్టి ప్రోటీన్ లేదని తేల్చేయడం కుదరదు, ముక్కు ప్రోటీన్‌ను పట్టలేదు.

చట్టాలను పక్కపక్కన పెట్టినా ఇదే సంశయం కనిపిస్తుంది. అమెరికా 2004లో అలర్జీ ఆహారాల చట్టం చేసినప్పుడు, ఆ జాబితాలోని పదార్థాల నుంచి తీసిన బాగా రిఫైన్ చేసిన నూనెలను మినహాయించింది. 2021 ఏప్రిల్‌లో మరో చట్టంతో నువ్వులను తొమ్మిదో పదార్థంగా చేర్చింది, అది 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ పాత మినహాయింపు నువ్వుల నూనెకూ దానంతటదే వచ్చింది. యూరప్ 2011 నియమావళిలో పూర్తిగా రిఫైన్ చేసిన సోయా నూనెను పేరు పెట్టి మినహాయించింది, నువ్వుల నూనెను మినహాయించలేదు. ఆస్ట్రేలియా కూడా జిగురు తీసి, పులుపు విరిచి, రంగు తీసి, వాసన తీసిన సోయా నూనెకు మినహాయింపు ఇచ్చి నువ్వులకు ఇవ్వలేదు. నాకు యూరప్, ఆస్ట్రేలియాల పద్ధతే న్యాయమనిపిస్తుంది. ఒక్కో నూనెకు ఒక్కో ఆధారం అడిగాయి. సోయాకు ఆధారం చూపించారు, మినహాయింపు ఇచ్చాయి. అమెరికా అన్ని నూనెలకూ ఒకే తీర్మానం రాసింది, తర్వాత వచ్చిన నువ్వు ఆ తీర్మానం నీడలోకి చేరింది.

మన చట్టం ఈ రెండు వైపులా లేదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నియమాల్లో అలర్జీ పదార్థాల జాబితా ఉంది. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు అందులో ఉన్నాయి. నువ్వులు లేవు. జాబితాలో ఉన్నవాటి నూనెలకు కూడా ప్రకటన అక్కర్లేదని అదే నియమం చెబుతుంది. అంటే నువ్వులు విరివిగా తినే మన దేశంలో, ప్యాకెట్ మీద నువ్వుల సంగతి అలర్జీ హెచ్చరికగా రాయాల్సిన బాధ్యత తయారీదారుకు లేదు. పదార్థాల జాబితాను అక్షరం అక్షరం చదువుకోవడమే మనకున్న దారి. విడిగా అమ్మే బేకరీ సరుకుకు ఆ దారి కూడా లేదు.

రిఫైన్డ్ నువ్వుల నూనె అనగానే మనం సీసా గురించి ఆలోచిస్తాం. ఈ దేశంలో అది తెలియకుండా పొట్టలోకి పోయే దారి వనస్పతి. నెయ్యిలో వనస్పతి కల్తీ చేస్తే పట్టుకోవడానికి ప్రభుత్వం చాలాకాలం క్రితమే ఒక ఉపాయం చేసింది. వనస్పతిలో కనీసం నూటికి 5 వంతుల నువ్వుల నూనె, ముడిదైనా రిఫైన్ చేసినదైనా, కలపాలని నియమం పెట్టింది. 2011 ఆహార ప్రమాణాల్లోనూ ఆ నియమం కొనసాగింది. నువ్వుల నూనెలో ఉండే ఒక పదార్థం ఫర్ఫ్యూరాల్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి కుదిపితే ఎర్రబడుతుంది. దీన్నే బోడ్విన్ పరీక్ష అంటారు. నెయ్యి నమూనా ఎర్రబడితే వనస్పతి కలిసిందని అర్థం.

ఈ పరీక్ష మన ప్రశ్నకు ఒక తీగ అందిస్తుంది. రిఫైన్ చేసిన నువ్వుల నూనెను కలిపిన వనస్పతి కూడా ఎర్రబడాలి, లేకపోతే నియమానికి అర్థం లేదు. అంటే రిఫైనింగ్ నూనెలోంచి నువ్వుకు సంబంధించిన అన్నిటినీ తుడిచేయదు. అయితే ఎర్రబడేలా చేసేది ప్రోటీన్ కాదు, సెసమోలిన్ వంటి చిన్న అణువులు. ఆ అణువులు మిగిలాయి కాబట్టి ప్రోటీన్ కూడా మిగిలిందనుకుంటే తప్పు. కొంతమంది ఈ పరీక్షను చూపించి రిఫైన్డ్ నూనె ప్రమాదకరమని వాదిస్తారు. ఆ వాదన నిలవదు. నూనె నువ్వులదా కాదా అన్నదొక్కటే ఆ ఎరుపు చెబుతుంది, అలర్జీ తెస్తుందా లేదా అన్నది చెప్పదు. ప్రోటీన్ కావాలంటే ప్రోటీన్‌నే కొలవాలి.

వనస్పతితో చేసిన పఫ్‌లో 10 గ్రాముల కొవ్వు ఉందనుకోండి. అందులో నువ్వుల నూనె అర గ్రాము. అది ముడి నూనె అయినా మన లెక్కలో 0.1 మిల్లీగ్రాముల ప్రోటీన్, గింజలో ఆరో వంతు. రిఫైన్డ్ అయితే దాదాపు లెక్కలోకి రానంత. కామారెడ్డి బస్టాండు దగ్గర పిల్ల పఫ్ తిన్నదని తెలిసి తల్లి హడలిపోనక్కర్లేదు, కాసేపు కనిపెట్టి చూస్తే చాలు. అయితే అతి కొద్ది మోతాదుకే ఊపిరాడకపోయిన చరిత్ర ఉన్న పిల్లకు ఈ ధీమా చెల్లదు.

ఇప్పుడు ఇంటి వంట దగ్గరికి వద్దాం. ఎల్లారెడ్డి వైపు ఒక పల్లెలో ఏడేళ్ల పిల్ల ఉందని, రెండేళ్ల కిందట నువ్వుల లడ్డు తిని ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, పెదాల వాపు వచ్చిందని అనుకుందాం. ఇంట్లో నువ్వులు మానేశారు, నూనె కూడా పొద్దుతిరుగుడుకు మార్చారు. సంక్రాంతి వచ్చింది. పిల్ల తినదు కాబట్టి ఏమీ కాదని, వచ్చేపోయేవాళ్ల కోసం అమ్మమ్మ సకినాలు చేసింది. బియ్యప్పిండిలో వాము, నువ్వులు కలిపి, గుడ్డ మీద చుట్లు తిప్పి, కాస్త ఆరనిచ్చి, మూకుడులో వేయించింది. పొద్దుతిరుగుడు నూనెలోనే, రిఫైన్డ్‌లోనే. సకినం నూనెలో పడగానే పైపొరలోని గింజలు కొన్ని చిటపటమని ఊడతాయి. పదో వాయికి మూకుడు అడుగున వేగి నల్లబడ్డ నువ్వులు కనిపిస్తాయి. పని అయ్యాక ఆ నూనెను జల్లెడ పట్టి డబ్బాలో పోసింది. మర్నాడు పిల్ల కోసం ప్రత్యేకంగా, నువ్వులు లేకుండా, అదే నూనెలో మురుకులు వేసింది.

ఆ డబ్బా మీద పొద్దుతిరుగుడు అని ఉంది, రిఫైన్డ్ అనీ ఉంది. కానీ నువ్వుల్లోని ముఖ్యమైన ప్రోటీన్లు, ముఖ్యంగా అల్బుమిన్ జాతివి, వేపుడు వేడికి తేలిగ్గా లొంగవు. నల్లబడ్డ గింజ తన అలర్జీ గుణాన్ని పూర్తిగా పోగొట్టుకోదు. జల్లెడలోంచి విరిగిన తునకలు జారిపోతాయి. ఒక్క మురుకుకు నాలుగు గింజల తునకలు అంటుకుంటే చాలు, నిపుణుల సంఘం పెట్టిన 2 మిల్లీగ్రాములు దాటిపోతాం. రిఫైన్డ్ నువ్వుల నూనె అయితే ఆ మోతాదుకు చేరాలంటే మన లెక్కలో లీటరు దాకా తాగాలి. ఆ పిల్లకు ఈ రెండింటిలో నువ్వుల పేరున్న రిఫైన్డ్ సీసా కంటే, నువ్వుల పేరు లేని ఆ వాడిన నూనె డబ్బా ఎక్కువ ప్రమాదం. నూనె పేరును చూసి భయపడి, నూనె చరిత్రను మరిచిపోవడం ఈ అలర్జీ ఉన్న ఇళ్లలో పెద్ద పొరపాటు. బజారులో కొనే కారప్పూస, మిర్చి బజ్జీల మూకుళ్లకూ ఇదే వర్తిస్తుంది.

రెండో జవాబు, ఏ రూపంలోనూ వద్దన్నది, ఇక్కడే లోపం చూపిస్తుంది. అది నూనె సీసా మీద చూపు నిలిపి, వాడిన నూనె దగ్గర నిఘా సడలిస్తుంది. మొదటి జవాబు రిఫైనరీని చూసి, దుకాణాన్ని మరిచిపోయింది. రెండో జవాబు సీసాను చూసి మూకుడును మరిచిపోయింది.

అలర్జీ ఉందో లేదో తేల్చే పరీక్షలోనూ నూనె ఒక చిక్కు తెస్తుంది. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షకు వాడే మందు నీటిలో కరిగే ప్రోటీన్లతో చేసినది. ఓలియోసిన్ నీటిలో కరగదు, ఆ మందులో ఉండకపోవచ్చు. అందుకే నువ్వుల నూనెతో దద్దుర్లు వచ్చిన మనిషికి పరీక్షలో ఏమీ లేదని వచ్చే వీలుంది. అలా వస్తే ఏమీ లేదని ఇంటికి వెళ్లిపోకుండా, నిజమైన గింజను సూదితో గుచ్చి ఆ సూదితోనే చర్మం మీద గుచ్చే పద్ధతి అడగాలి. అప్పటికీ తేలకపోతే ఆసుపత్రిలో, అడ్రినలిన్ చేతి దగ్గర పెట్టుకుని, చుక్కలతో మొదలుపెట్టి మోతాదు పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి చూస్తారు. అలాంటి పరీక్షలో ఒక ఫలానా నూనె పడిందని తేలితే, ఆ నూనె ఆ మనిషికి పడినట్టే. ఒక మనిషికి రిఫైన్డ్ నువ్వుల నూనె పడుతుందని ధైర్యంగా చెప్పగలిగే ఏకైక మార్గం అది. ఆ పరీక్షను ఇంట్లో చేయకూడదు. హైదరాబాదులో అలర్జీ నిపుణుల దగ్గరే చేయించుకోవాలి.

వంటింటికి బయట ఇంకో చోట కూడా ఈ నూనె ఉంది. మానసిక వ్యాధులకు కొన్ని వారాలకోసారి ఇచ్చే హాలోపెరిడాల్ డెకనోయేట్, ఫ్లుఫెనజీన్ డెకనోయేట్ ఇంజెక్షన్లను నువ్వుల నూనెలోనే కలిపి చేస్తారు. మందుల ప్రమాణాలకు తగ్గట్టు శుద్ధి చేసిన నూనె అది. అయినా యూరప్ మందుల సంస్థ, నువ్వుల నూనె ఉన్న మందుల మీద అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని రాయమంటుంది. వంటనూనె కంటే శుద్ధమైన నూనెకే ఆ హెచ్చరిక రాస్తున్నప్పుడు, కిరాణా దుకాణం సీసాకు అంతకంటే ఎక్కువ నమ్మకం ఇవ్వలేం. నువ్వులు పడవని ఆసుపత్రి చీటీ మీద పెద్దక్షరాల్లో రాయించుకోండి, ఇంజెక్షన్ వేసేముందు చెప్పండి.

నువ్వుల అలర్జీ ఒకసారి తీవ్రంగా వచ్చిన మనిషి ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెలో ఉంటే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం మొదలైతే సెట్రిజిన్ మాత్ర వేసి ఎదురుచూడకూడదు. కావలసింది తొడ కండరంలో అడ్రినలిన్. బరువు కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు గరిష్ఠంగా అర మిల్లీగ్రాము. ఊపిరాడని మనిషిని కూర్చోబెట్టి, లేకపోతే పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టి, 108కి ఫోన్ చేసి, ముందుగా దగ్గరున్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. అడ్రినలిన్ ఉన్న చోటును ముందే అడిగి తెలుసుకుని పెట్టుకోవాలి. కామారెడ్డి దాకా ప్రయాణం తర్వాతి మాట.

నా తీర్పు ఇది. పూర్తిగా రిఫైన్ చేసిన నువ్వుల నూనె, సూత్రం ప్రకారం, నువ్వులు పడనివాళ్లలో ఎక్కువమందికి కీడు చేయకపోవచ్చు. కానీ అది పూర్తిగా రిఫైన్ అయిందని నిరూపించే మార్గం కొనేవాళ్ల చేతిలో లేదు, దాన్ని నువ్వుల మీదే రుజువు చేసిన పరీక్షా లేదు. పల్లినూనె, పొద్దుతిరుగుడు నూనె పక్కనే దొరుకుతున్నప్పుడు ఈ జూదం ఆడాల్సిన అవసరమూ లేదు. కాబట్టి నువ్వులు పడని మనిషి ఉన్న ఇంట్లోకి నువ్వుల నూనె ఏదీ తేవద్దు. గానుగది, ఫిల్టర్ చేసినది అసలే వద్దు. సకినాలు వేయించిన నూనెను ఆ మనిషి తినే వంటకు మళ్లీ పొయ్యి మీద పెట్టవద్దు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ తన అలర్జీ జాబితాలో నువ్వులను చేర్చాలి. ఆ రోజు వచ్చేదాకా ప్రతి ప్యాకెట్ వెనుక పదార్థాల జాబితా చదవండి, లేబుల్ లేని సరుకైతే చేసినవాళ్లను అడగండి, జవాబు తెలియకపోతే ఆ మనిషికి పెట్టకండి.